డాబా మీద 37 మంది

చిట్టితల్లికి,

పోయిన ఆదివారం ఫోనులో నేను దివిసీమ ఉప్పెన సంగతి ఎత్తగానే "నాన్నా, ఇది పోయిన నెలే చెప్పావుగా" అన్నావు. నీ గొంతులో విసుగు లేదు, భయం ఉంది. పిల్లల గొంతులో భయం తండ్రికి తెలియకుండా పోదు. ఆ రాత్రే తమ్ముడికి ఫోను చేసి నన్ను డాక్టరుకు చూపించమన్నావని వాడు చెప్పాడు. మంచిపని చేశావు. వెళ్ళొచ్చాను. అక్కడేం జరిగిందో ముందు చెప్పి, ఆ తర్వాత ఆ కథ నేను మళ్ళీ మళ్ళీ ఎందుకు చెబుతున్నానో రాస్తాను. ఫోనులో అయితే నువ్వు వంట చేస్తూ వింటావు, చిన్నోడు మధ్యలో పిలుస్తాడు. ఉత్తరమైతే తీరిగ్గా చదువుకుంటావు.

విజయవాడలో నరాల డాక్టరుకు చూపించుకున్నాం. ఆవిడ వయసులో నీకన్నా చిన్నది. ఇవాళ ఏ వారం, ఏ తేదీ, మనం ఎన్నో అంతస్తులో ఉన్నాం అని అడిగారు. మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నారు. వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మంటే 93, 86, 79 అంటూ తడుముకోకుండా చెప్పాను. ముప్పై ఏళ్ళు ఎక్కాలు చెప్పిన నోరు కదా. కాగితం మీద గడియారం గీసి పదకొండు దాటి పది నిమిషాలు చూపించమన్నారు. చివర్లో ఆ మూడు మాటలు అడిగితే రెండు వెంటనే వచ్చాయి, మూడోది ఆవిడ చిన్న ఆధారం ఇస్తే వచ్చింది. 30కి 27 మార్కులు వేశారు. రక్తపరీక్షలో థైరాయిడ్ బాగుంది కానీ బి12 తక్కువగా ఉందట. మనలాంటి శాకాహారులకు ఈ వయసులో అది మామూలేననీ, వదిలేస్తే మతిమరుపు పెరుగుతుందనీ చెప్పి ఇంజెక్షన్లు రాశారు. రెండయ్యాయి.

చెప్పిన కథే చెబుతున్నానని మా అమ్మాయి భయపడుతోందని నేనే అడిగాను. ఆవిడ చెప్పింది నాకు నచ్చింది. వయసు మీదపడ్డాక చెప్పిన సంగతి గుర్తుంటుంది, దాన్ని ఎవరికి చెప్పామో గుర్తుండదట. చెప్పేటప్పుడు మన ధ్యాసంతా లోపల ఆ సంగతిని వెతికి తీయడం మీదే ఉంటుంది, ఎదుటి మనిషి ముఖం అంతగా మనసులో పడదు. 2009లో కెనడాలో దీని మీద పరీక్ష చేశారట. కుర్రవాళ్ళచేత కంప్యూటరులో కనిపించే ఒక్కో ముఖానికి ఒక్కో విషయం చెప్పించి, ఏది ఎవరికి చెప్పావని తర్వాత అడిగితే వాళ్ళే తడబడ్డారట. పెద్దవాళ్ళలో ఇది ఇంకా ఎక్కువని ఆ తర్వాతి పరీక్షల్లో తేలిందట. నా సంగతి అక్షరాలా అదే. ఉప్పెన కథ పోయిన నెల చెప్పానని నాకు తెలుసు. నీకు చెప్పానో, తమ్ముడికి చెప్పానో, సందు చివర టీకొట్టు దగ్గర చెప్పానో, అదే తెలియలేదు.

భయపడాల్సినవి వేరే ఉన్నాయన్నారు. ఒకే ఫోనులో పది నిమిషాల తేడాలో అదే కథ మళ్ళీ మొదలెట్టడం, అడిగిన ప్రశ్నకు జవాబు విన్న వెంటనే మళ్ళీ అదే అడగడం, రోజూ నడిచే దారిలో ఇల్లు తప్పడం, మాత్రలు వేసుకున్నానో లేదో తెలియక రెండోసారి వేసుకోవడం. ఇవి తమ్ముడు కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. నువ్వూ రాసిపెట్టుకో. వీటిలో ఏదన్నా నాలో కనపడితే మొహమాటపడకుండా నాతోనే అను. అప్పుడు నేను నీ మాట వింటాను.

నెల తర్వాత అదే కథ చెప్పడం మాత్రం అందులోకి రాదు. దాని కారణం వేరే ఉంది. మరుపుకూ దానికీ పొత్తు తక్కువ.

మా నాయనమ్మ, అంటే నీకు తాతమ్మ, నీకు ఫొటోలోనే తెలుసు. ఆవిడకీ ఒక కథ ఉండేది. బందరు ఉప్పెన కథ. 1864 నవంబరు 1న రాత్రి సముద్రం బందరు మీద పడింది. ముప్పై వేలమంది పోయారని పుస్తకాల్లో ఉంది. అది మా నాయనమ్మ చూసింది కాదు. ఆవిడ అత్తగారు తొమ్మిదేళ్ళ పిల్లగా బందరులో ఉండి చూసింది. కోడలు కాపరానికొచ్చాక ఇద్దరూ తిరగలికి చెరోపక్క కూర్చుని పెసలు విసురుతుంటే, అత్తగారు అదే కథ చెప్పేదట. కోడలికి విననని లేచిపోయే వీలు లేదు కదా, పిడి వదిలితే తిరగలి ఆగిపోతుంది. అలా ఏళ్ళ తరబడి విన్నది.

అందుకే నాయనమ్మ కథలో సముద్రం వచ్చే చప్పుడు "వెయ్యి తిరగళ్ళు ఒక్కసారి తిప్పినట్టు" ఉండేది. మిగతావి కూడా ఎప్పుడూ ఒకే మాటల్లో, ఒకే వరసలో చెప్పేది. గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు తిరిగి, అక్కణ్ణుంచి ఆగ్నేయానికి మళ్ళిందంటే ఇక గుడిసెలో ఉండకూడదు. సామాన్లు చూసుకోకూడదు. గొడ్ల పలుపులు కోసెయ్యాలి, కట్టేసిన గొడ్డు చచ్చిపోతుంది, వదిలేసిన గొడ్డు ఈదుతుంది. మనిషి ఎత్తుకు తక్కువ కాకుండా నీళ్ళొస్తాయి, కాబట్టి ఎత్తు ఒక్కటే ఉంటే చాలదు, కూలని చోటికి పోవాలి. చివర్లో ఒకటుంది: వచ్చేముందు సముద్రం వెనక్కు పోతుంది.

ఇంట్లో పెద్దపిల్లలందరికీ అది నోటికొచ్చు. నాయనమ్మ మొదలెడితే మా బాబాయి మిగతాది తనే అప్పజెప్పేసి నవ్వేవాడు. 1977 నాటికి 113 ఏళ్ళు గడిచాయి. తుపాన్లు అందరూ చూశారు. ఇంటికప్పు లేచిపోవడం, చెట్లు పడటం, చేలు మునగడం మాకు తెలుసు. సముద్రం ఊళ్ళోకి రావడం బతికున్నవాళ్ళెవరూ చూడలేదు. ఈ తేడా నువ్వు బాగా పట్టుకోవాలి, ఎందుకంటే ఆ రోజు దివిసీమలో ఇదే కొంప ముంచింది. రేడియోలో తుపాను హెచ్చరిక వచ్చింది. తుపానంటే గాలీ వానా అనుకున్నారు జనం. తలుపులకు అడ్డకర్రలు బిగించి, గుడిసెలోనే పిల్లల్ని దగ్గరకు తీసుకుని కూర్చున్నారు. గాలికైతే అది సరైన పనే.

1977 నవంబరు 19, శనివారం. దీపావళి వెళ్ళి వారం దాటింది. చేలు పండి వంగి ఉన్నాయి. నాకు ఇరవై రెండేళ్ళు. మధ్యాహ్నానికి గాలి తూర్పుకు మళ్ళింది. నాయనమ్మ మంచం మీంచి లేచి చీర కొంగు నడుముకు బిగించి "పదండి" అంది. ఊళ్ళో డాబాలు రెండే, కరణం గారిది ఒకటి, మిల్లుది ఒకటి. మిల్లు డాబాకు గోడలు పచ్చివి, కరణం గారి డాబా కట్టి పదేళ్ళయిందని ఆలోచించి మరీ అటు తీసుకెళ్ళింది. ఎనభై ఏళ్ళ మనిషి, నా భుజం పట్టుకుని, వాన మొహానికి గులకరాళ్ళలా కొడుతుంటే. దారిలో వీధి వీధికీ నన్ను లోపలికి పంపి "సముద్రం వస్తోందట, మా నాయనమ్మ రమ్మంటోంది" అని చెప్పించింది. సగంమంది రాలేదు.

చీకటి పడుతుండగా వచ్చింది. మెట్ల మీద నాలుగో మెట్టు, ఆరో మెట్టు, తొమ్మిదో మెట్టు మునగడం మెరుపుల వెలుగులో చూస్తూ కూర్చున్నాం. పదకొండో మెట్టు దగ్గర ఆగింది. మనం సముద్రానికి ఆరు మైళ్ళ దూరంలో ఉన్నాం. నీళ్ళు నోట్లో పడితే ఉప్పగా ఉన్నాయి. ప్రభుత్వం లెక్కలోనే దివిసీమ ప్రాంతంలో పదివేల దాకా పోయారు.

ఇంతవరకూ నీకు తెలుసు. నువ్వు పదిసార్లు, పాతికసార్లు విన్న కథ ఇదే. మన ఇంట్లో ఏడుగురు బతికారంటే రేడియో వల్ల కాదు, చదువు వల్ల కాదు. ఒక ముసలావిడ ఇంకో ముసలావిడ దగ్గర విని, అందరూ విసుక్కుంటున్నా చెప్పడం మానకపోవడం వల్ల. 1864 నుంచి ఇవాళ్టి దాకా 160 ఏళ్ళు పైబడింది. మధ్యలో ఉన్న నోళ్ళు మూడే మూడు. అత్తగారు, నాయనమ్మ, నేను. అంత సన్నని దారం మీద వేలాడింది ఆ సంగతి. మన వీధిలో మిగతా ఇళ్ళల్లోనూ అలాంటి అత్తగారు ఒకరు ఉండే ఉంటారు. ఎక్కడో ఒక కోడలు లేచి వెళ్ళిపోయి ఉంటుంది.

ఇప్పుడు నీకు చెప్పనిది చెబుతాను.

బాబాయి గేదెల కోసం వెళ్ళి తిరిగి రాలేదని నీకు ఎప్పుడూ చెబుతూ వచ్చాను. అది నిజమే. గేదెల పలుపులు కోయడానికే వెళ్ళాడు, నాయనమ్మే పంపింది. కానీ డాబా మెట్లు దిగుతూ అతను అన్న మాట ఒకటుంది. నేను "తొందరగా రా బాబాయ్" అంటే, "ఇంకా టైముందిరా, సముద్రం వెనక్కు పోయినట్టు కబురు రాలేదుగా" అన్నాడు. నవ్వుతూ అనలేదు. నమ్మి అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆ కథను నమ్మాడు, నమ్మి నాయనమ్మ చెప్పిన గుర్తు కోసం ఆగాడు. గేదెల్ని వదిలి, గడ్డివాము మీద పట్టా కప్పి, ఇంట్లోకి వెళ్ళి వడ్లబస్తాలు అటక మీదకు ఎక్కించబోయాడు. మర్నాడు అతను దొరికింది అటక కింద. గేదెలు రెండూ బతికాయి.

సముద్రం వెనక్కు పోయిందో లేదో ఎవరు చూశారు? ఆరు మైళ్ళ అవతల, ఆ వానలో, ఆ చీకట్లో? 2004 డిసెంబరులో సునామీ వచ్చి, టీవీలో సముద్రం వెనక్కు తగ్గిన బొమ్మలు చూపించినప్పుడు నాకు కాళ్ళు చల్లబడ్డాయి. అది సునామీకి ఉండే గుర్తు. తుపాను ఉప్పెన వేరు. గాలి గంటల తరబడి సముద్రాన్ని తోసుకొచ్చి ఒడ్డు మీదకు ఎక్కిస్తుంది. ముందు తగ్గి చూపిస్తుందని ఆగకూడదు. మరి నాయనమ్మ కథలోకి ఆ ముక్క ఎలా వచ్చింది? అత్తగారే అన్నదో, తిరగలి దగ్గర వేరే ఎవరో చెప్పిన కథలోంచి వచ్చి ఇందులో కలిసిందో. వందసార్లు చెప్పిన కథలో ఒక్క ముక్క తప్పు పడింది, దాన్ని ఎవరూ ప్రశ్నించలేదు, ఎందుకంటే అందరం విన్నాం విన్నాం అనుకుంటూ విన్నాం.

ఆ తర్వాత నాయనమ్మ ఆరేళ్ళు బతికింది. ఆ కథ మళ్ళీ ఒక్కసారి కూడా ఎత్తలేదు. అడిగితే అటు తిరిగి పడుకునేది. మా చిన్న తమ్ముడికి, చెల్లెలికి ఆ కథ తెలియదు. అందుకే ఇంట్లో దాన్ని మోసేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

ఇక నా కథలో ఎన్ని తప్పులు పడ్డాయి? ఈ భయం నాకు పోయిన వేసవిలో పట్టుకుంది. పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే నీ ఆరో తరగతి తెలుగు నోటుపుస్తకం దొరికింది. 1996 నవంబరులో కోనసీమ తుపాను వచ్చినప్పుడు మీ మాస్టారు తుపాను మీద వ్యాసం రాయమన్నారు. నువ్వు గుండ్రటి అక్షరాలతో "మా నాన్నగారు ఆ రాత్రి డాబా మీద 37 మందితో కూర్చున్నారు" అని రాశావు. పక్కన ఎర్ర సిరాతో మాస్టారు పెట్టిన టిక్కు ఉంది. అంతకు నెలకిందట టీకొట్టు దగ్గర నేను ఎంత చెప్పానో తెలుసా? డెబ్బై. నేనేం అబద్ధం చెప్పలేదమ్మా. నాకు డెబ్బైమందే కనిపించారు. డాక్టరమ్మను ఇదీ అడిగాను. గుర్తుచేసుకున్నప్పుడల్లా జ్ఞాపకం పచ్చిమట్టిలా మెత్తబడి, మళ్ళీ ఆరుతుందట. మెత్తగా ఉన్నప్పుడు మన వేలిముద్ర పడుతుంది. వినేవాళ్ళు కళ్ళు పెద్దవి చేసినచోట కథ కొంచెం ఉబ్బుతుంది.

అక్క దగ్గరకు వెళ్ళాను. అదే, మీ పెద్దత్తయ్య. ఆ రాత్రి ఆవిడా డాబా మీదే ఉంది. ఇద్దరం అరుగు మీద కూర్చుని ఇంటింటికీ లెక్క తీశాం. సుద్దముక్కతో గచ్చు మీద గీతలు గీసుకుంటూ. కరణం గారి ఇంట్లో 6. మనింట్లో 7. పక్కవీధి రెండు కుటుంబాలు కలిపి 11. మిల్లులో పనిచేసేవాళ్ళు 8. కోతలకని వచ్చి బడిలో దిగిన కూలీలు 9. మొత్తం 41. అక్క కాసేపు ఆలోచించి, "ఆ కూలీల్లో ఐదుగురు రాత్రి లేరురా, తెల్లారి మొలలోతు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చారు, నేనే వాళ్ళకి కరణం గారి వంటింట్లోంచి మరమరాలు తెచ్చిపెట్టాను" అంది. ఆ మరమరాలు మెత్తబడి ఉప్పగా ఉన్నాయని కూడా చెప్పింది. అంత చిన్న సంగతి గుర్తున్న మనిషి లెక్క తప్పదు. ఐదు తీసేస్తే 36.

నీ పుస్తకంలో 37. ఆ కథ నేను నీకు చెప్పిన నాటికి పంతొమ్మిదేళ్ళే అయింది. జ్ఞాపకం ఇప్పటికన్నా గట్టిగా ఉన్న రోజులు. కాబట్టి నీ లెక్కే నిజానికి దగ్గరని నేనంటాను. మేమిద్దరం ఒక మనిషిని మరిచిపోయాం.

నేను ఎందుకు మళ్ళీ మళ్ళీ చెబుతున్నానో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. చెబితేనే తప్పులు బయటపడతాయి. చెప్పకుండా లోపల దాచుకున్నా అవి పెరుగుతూనే ఉంటాయి, పట్టుకునేవాళ్ళు ఉండరంతే. కానీ ఎవరికి పడితే వాళ్ళకు చెబితే లాభం లేదు. టీకొట్టు దగ్గర వినేవాళ్ళు మొదటిసారి వింటున్నారు, డెబ్బై అన్నా నమ్ముతారు, ఏడొందలన్నా నమ్ముతారు. పాతికసార్లు విన్న మనిషి కావాలి నాకు. అది నువ్వే. నీ తమ్ముడు ఉప్పెన సంగతి మొదలెట్టగానే తల ఊపి టీవీ పెడతాడు. వాడి మీద నాకు కోపం లేదు, వాడు నా మందులు, నా కళ్ళద్దాలు, నా పింఛను కాగితాలు చూసుకుంటున్నాడు. ఇది మాత్రం నీ పని.

అందుకని ఈసారి నేను మొదలెడితే "ఇది చెప్పావు నాన్నా" అనొద్దు. "పోయినసారి పదకొండో మెట్టు అన్నావు, ఇప్పుడు పన్నెండంటున్నావేంటి" అని అడుగు. "గాలి ఎప్పుడు మళ్ళింది, పొద్దునా, మధ్యాహ్నమా" అని నిలదీయి. నేను చిరాకుపడినా ఆగొద్దు. మా బాబాయి ఒక్కసారి నాయనమ్మను "సముద్రం వెనక్కు పోవడం అత్తగారు కళ్ళారా చూసిందా, ఎవరన్నా చెబితే వినిందా" అని అడిగి ఉంటే ఎంత బాగుండేదో నేను నలభై ఎనిమిదేళ్ళుగా అనుకుంటున్నాను. అడిగే చనువు అతనికి ఉంది. వెక్కిరించాడు, తర్వాత నమ్మాడు, మధ్యలో అడగలేదు.

నువ్వు అనొచ్చు, ఇప్పుడు శాటిలైట్లు ఉన్నాయి, సెల్‌ఫోన్లు మోగుతాయి, ఇదంతా ఎందుకని. ఉన్నాయి, మేలు జరిగింది, కాదనను. 1990 మేలో మన తీరానికి పెద్ద తుపానే వచ్చింది. ముందే లక్షలమందిని తరలించారు, పోయినవాళ్ళు వెయ్యి లోపే. అయితే ఆనాడు పోలీసులు, రెవెన్యూవాళ్ళు వచ్చి లేవమనగానే దివిసీమ ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని ఎందుకు లేచారు? పదమూడేళ్ళ కిందటిది వాళ్ళ కళ్ళ ముందుంది కాబట్టి. హెచ్చరిక చెవిన పడటం వేరు, దాన్ని విని ఇల్లు వదిలి లేవడం వేరు. ఆ లేచేవాళ్ళం ఇప్పుడు తగ్గిపోతున్నాం. ఆనాటి డాబా మీద ఉన్నవాళ్ళలో ఊళ్ళో మిగిలింది నేనూ అక్కా, మిల్లు దగ్గర ఇంకొకాయన, ఆయనకు ఇప్పుడు మాట సరిగా రావడం లేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. నేను బాబాయి అన్న ఆ మాట ఇన్నేళ్ళూ దాచి కథ చెప్పాను. నాయనమ్మను తప్పుపట్టినట్టు అవుతుందని. దాచడం వల్ల నేనూ అదే పని చేశాను, తప్పు ముక్కను అలాగే ముందుకు పంపాను. చిన్నోడికి నువ్వు ఈ కథ చెప్పావని, వాడు స్కూల్లో "సముద్రం ముందు వెనక్కు పోతుంది" అని చెప్పాడని నువ్వు మురిసిపోతూ చెప్పినప్పుడు నాకు గొంతు పట్టేసింది. వాడికి తొమ్మిదేళ్ళు. వాడికి సరిచేసి చెప్పు. సునామీకి అది నిజం కావచ్చు, తుపానుకు దానికోసం చూడకూడదని విడమరిచి చెప్పు.

ఇక అసలు పని. నీ నోటుపుస్తకం పేజీ తమ్ముడు ఫొటో తీసి నీకు పంపుతాడు. వ్యాసం రాసేముందు నువ్వు నన్ను చాలా ప్రశ్నలు అడిగావు, అరుగు మీద నా పక్కనే కూర్చుని పెన్సిలు కొరుకుతూ. 37 అని నేను ఊరికే అనలేదు, పేర్లు లెక్కపెట్టే చెప్పి ఉంటాను, నువ్వు వేళ్ళు మడిచి ఉంటావు. ఎవరో ఒక చంటిబిడ్డ ఏడుపు ఉందని అక్క అంటోంది, ఎవరి బిడ్డో ఆవిడకు తెలియడం లేదు. నాకు ఏడుపు గుర్తు లేదు. వచ్చే ఆదివారం నేను ఫోను చేసేలోపు కాస్త నెమ్మదిగా కూర్చుని గుర్తుచేసుకో తల్లీ. ఆ బిడ్డ సంగతి నేను నీకు ఎప్పుడన్నా చెప్పానా?

మీ నాన్న